ఎన్ని లాట్లు అమ్మవచ్చు? ఆప్షన్ సెల్లర్ వేసుకోవాల్సిన లెక్క

ఆప్షన్ కొన్నవారి నష్టానికి కట్టిన ప్రీమియమే హద్దు. అమ్మినవారికి ఆ హద్దు ఉండదు. వచ్చే లాభం మాత్రం చేతికందిన ప్రీమియంకి మించదు. నెలల తరబడి చిన్న చిన్న మొత్తాలు వస్తూ ఉండి, ఒక్క రోజులో అవన్నీ పోవడం ఈ వ్యాపారంలో మామూలే. అందుకే ఆప్షన్లు అమ్మేవారు ఏ స్ట్రైక్ ఎంచుకున్నారన్నదానికంటే ఎన్ని లాట్లు అమ్మారన్నదే చివరికి వారి ఖాతా నిలుస్తుందో లేదో తేలుస్తుంది.

లాట్ల సంఖ్యను మూడు లెక్కలు కలిసి నిర్ణయించాలి. మొదటిది, బ్రోకర్ దగ్గర ఎంత మార్జిన్ బ్లాక్ అవుతుంది. రెండోది, మార్కెట్ బాగా తిరగబడితే ఒక్కో లాట్ మీద ఎంత పోతుంది. మూడోది, తెరిచి ఉన్న పొజిషన్లన్నీ ఒకేసారి నష్టపోతే మొత్తం పెట్టుబడిలో ఎంత శాతం పోతుంది. ఈ మూడింటికి మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి. వాటిలో ఏది చిన్నదైతే అన్ని లాట్లే అమ్మాలి. చాలామంది మొదటి లెక్క దగ్గరే ఆగిపోతారు.

మార్జిన్ ఎవరి రక్షణ కోసం?

ఆప్షన్ అమ్మినప్పుడు మన ఎక్స్ఛేంజీల్లో ముఖ్యంగా రెండు రకాల మార్జిన్ కట్టాలి. ఒకటి స్పాన్ మార్జిన్. ఇండెక్స్ కొంత పెరిగితే, కొంత తగ్గితే, ఒడుదొడుకులు పెరిగితే, తగ్గితే అంటూ 16 రకాల పరిస్థితుల్లో ఆ పొజిషన్ ఎంత నష్టపోతుందో లెక్కకట్టి, వాటిలో పెద్ద నష్టానికి సరిపడా సొమ్ము అడిగే పద్ధతి ఇది. రెండోది ఎక్స్‌పోజర్ మార్జిన్. ఇండెక్స్ ఆప్షన్లకు ఇది కాంట్రాక్టు విలువలో 2 శాతం. 2024 అక్టోబరులో సెబీ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఎక్స్‌పైరీ రోజున అమ్మిన ఇండెక్స్ ఆప్షన్లకు మరో 2 శాతం అదనంగా కట్టాలి.

ఈ సొమ్మంతా క్లియరింగ్ కార్పొరేషన్‌ని కాపాడటానికే. నష్టపోయినవారు చేతులెత్తేసినా అవతలి పక్షానికి డబ్బు అందాలన్నదే దాని ఉద్దేశం. అమ్మినవారి పెట్టుబడిలో ఎంత మిగులుతుందన్నది ఆ లెక్కలో భాగం కాదు. మార్జిన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయినా క్లియరింగ్ కార్పొరేషన్ దృష్టిలో వ్యవస్థ సవ్యంగా పనిచేసినట్టే. కాబట్టి ‘మార్జిన్ సరిపోయింది’ అంటే అన్ని లాట్లు అమ్మడానికి అనుమతి దొరికిందని అర్థం, అంతే. అన్ని అమ్మడం క్షేమమని కాదు.

మార్జిన్ ఒకచోట నిలిచి ఉండేది కూడా కాదు. ఫ్యూచర్స్‌లో నష్టాన్ని రోజూ ఖాతాలోంచి తీసేస్తారు. అమ్మిన ఆప్షన్లలో అలా తీయరు. ఆప్షన్ ధర పెరిగేకొద్దీ కట్టాల్సిన మార్జిన్ పెరుగుతుంది. ఒడుదొడుకులు పెరిగితే స్పాన్ లెక్క కూడా పెద్దదవుతుంది. అంటే నష్టం వస్తున్న రోజునే ఎక్కువ డబ్బు కావాల్సి వస్తుంది. షేర్లు తనఖా పెట్టి మార్జిన్ తెచ్చుకున్నవారికి ఇబ్బంది రెట్టింపవుతుంది. మార్కెట్ పడిన రోజున ఆ షేర్ల విలువా పడుతుంది కాబట్టి, అవసరం పెరుగుతున్న గంటలోనే వనరు కుంచించుకుపోతుంది. పైగా మర్నాటికి ఉంచుకునే పొజిషన్ల మార్జిన్‌లో కనీసం సగం నగదు గానీ నగదుతో సమానమైనవి గానీ ఉండాలన్న నిబంధన ఉంది.

‘గడ్డు రోజు’ను ఎలా ఎంచుకోవాలి?

రెండో లెక్కకు ముందుగా ఒక గడ్డు రోజును ఊహించుకోవాలి. ఆ ఊహ గాలిలోంచి పుట్టకూడదు, మార్కెట్ చరిత్రలోంచే తీసుకోవాలి. 2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలూ ఆ రోజే. నిఫ్టీ ఒక దశలో 8 శాతానికి పైగా పడి, చివరికి 5.9 శాతం నష్టంతో ముగిసింది. ఇండియా విక్స్ రోజు మధ్యలో 30 దాటింది. అంతకుముందు రోజు, జూన్ 3న, ఎగ్జిట్ పోల్స్ ఊపులో అదే నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది. ఆ పెరుగుదల చూసి తాము అమ్మిన పుట్‌లను పై స్ట్రైక్‌లకు జరిపినవారికి మర్నాడు దెబ్బ మరింత గట్టిగా తగిలింది.

దానికంటే గడ్డు రోజు 2020 మార్చి 23. కొవిడ్ భయంతో నిఫ్టీ 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. ఉదయమే 10 శాతం పతనంతో సర్క్యూట్ బ్రేకర్ పనిచేసి ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. మళ్లీ మొదలయ్యాక మార్కెట్ ఇంకా కిందికి వెళ్లింది. సర్క్యూట్ వల్ల నష్టానికి హద్దు ఏర్పడదు, బయటపడే దారి కాసేపు మూసుకుపోతుంది, అంతే. అయితే ఆ రోజు అకస్మాత్తుగా వచ్చిపడలేదు. విక్స్ అప్పటికే చాలా ఎత్తులో ఉంది, మార్జిన్లూ పెరిగి ఉన్నాయి. ప్రశాంతంగా ఉన్న మార్కెట్‌లో హఠాత్తుగా 13 శాతం పడటం అరుదే. అయినా అలాంటిది ఎదురైతే ఖాతా బతుకుతుందా లేదా అని ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

ఈ రెండు రోజుల్లోంచి రెండు కొలతలు వస్తాయి. లాట్ల సంఖ్య తేల్చడానికి ‘ఒక రోజులో 8 శాతం పతనం, ఒడుదొడుకులు రెట్టింపుకు పైగా’ అన్నది మొదటి కొలత. ‘13 శాతం పడినా ఖాతా మిగలాలి’ అన్నది రెండో కొలత.

ఒక పొజిషన్‌ మీద లెక్క

పెట్టుబడి రూ.20 లక్షలు అనుకుందాం. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది. లాట్‌కు 75 యూనిట్లు. 2025లో నిఫ్టీ లాట్ ఇంతే ఉండేది. ఎక్స్ఛేంజీ దీన్ని అప్పుడప్పుడూ మారుస్తుంది కాబట్టి లెక్క వేసే రోజున ఉన్న సంఖ్యనే వాడుకోవాలి. ఎక్స్‌పైరీకి 15 రోజులుంది. 24,000 పుట్‌ను 42 రూపాయలకు, 26,000 కాల్‌ను 18 రూపాయలకు అమ్మి స్ట్రాంగిల్ వేయాలన్నది ఆలోచన. రెండూ కలిపి 60 పాయింట్లు, అంటే లాట్‌కు రూ.4,500. లాట్‌కు మార్జిన్ సుమారు రూ.2 లక్షలు అనుకుందాం.

మార్జిన్ లెక్క ఒక్కటే చూస్తే 10 లాట్లు పడతాయి. అప్పుడు ప్రీమియం రూ.45,000. పదిహేను రోజుల్లో పెట్టుబడి మీద 2.25 శాతం. ఆశ పుట్టించే సంఖ్యే.

ఇప్పుడు మర్నాడు నిఫ్టీ 8 శాతం పడి 23,000కు వచ్చిందనీ, ఆప్షన్లలోని ఒడుదొడుకుల అంచనా 35 శాతానికి చేరిందనీ అనుకుందాం. 24,000 పుట్‌కు 1,000 పాయింట్ల అసలు విలువ ఉంది. గడువు ఇంకా 14 రోజులుంది కాబట్టి దానిపై కాలం విలువ కూడా చేరి, ధర 1,250 చుట్టుపక్కల ఉంటుంది. కాల్ ధర 10కి పడిపోతుంది. రెండూ కలిపి తిరిగి కొనాలంటే 1,260 పాయింట్లు పెట్టాలి. వచ్చిన 60 తీసేస్తే నష్టం 1,200 పాయింట్లు, లాట్‌కు రూ.90,000. పది లాట్ల మీద రూ.9 లక్షలు. పెట్టుబడిలో 45 శాతం ఒక్క రోజులో పోయినట్టే. ఇరవై విజయవంతమైన ఎక్స్‌పైరీల్లో వచ్చిన ప్రీమియం ఇందులో కొట్టుకుపోతుంది.

అసలు ఇబ్బంది అక్కడితో ఆగదు. ఇప్పుడు ఒక్కో లాట్‌కు మార్జిన్ రూ.3 లక్షల దాకా పెరగవచ్చు. పది లాట్లకు రూ.30 లక్షలు కావాలి. ఖాతాలో ఉన్నది, వచ్చిన ప్రీమియంతో కలిపి రూ.20.45 లక్షలు. షార్ట్‌ఫాల్ దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. ఆ సొమ్ము వెంటనే రాకపోతే బ్రోకర్ పొజిషన్లను స్క్వేర్ ఆఫ్ చేస్తాడు. అలాంటి గంటలో కొనేవారి ధరకూ అమ్మేవారి ధరకూ మధ్య దూరం పెద్దదిగా ఉంటుంది. 1,250 అని లెక్కలో వేసిన పుట్‌ను 1,400కు కొనాల్సి రావచ్చు. మధ్యాహ్నానికి మార్కెట్ కొంత కోలుకున్నా, అప్పటికి చేతిలో పొజిషన్ ఉండదు. జూన్ 4న కనిష్ఠ స్థాయి నుంచి ముగింపుకి నిఫ్టీ రెండు శాతానికి పైగానే కోలుకుంది. కనిష్ఠం దగ్గర బలవంతంగా బయటపడినవారికి అది అందలేదు.

స్టాప్‌లాస్ ఉంది కదా అనుకోవడానికీ లేదు. ఆప్షన్లలో మార్కెట్ ధరకు పనిచేసే స్టాప్‌లాస్ ఆర్డర్లను ఎన్‌ఎస్‌ఈ 2021లో ఆపేసింది. ఇప్పుడు ఉన్నది పరిమిత ధరతో వేసే స్టాప్‌లాస్. ట్రిగ్గర్ 100, పరిమితి 110 అని పెట్టిన పుట్ ఉదయం 400 దగ్గర తెరుచుకుంటే, ఆర్డర్ బయటికి వెళ్తుంది గానీ అమలు కాదు. స్టాప్‌లాస్ మామూలు రోజుల్లో పనికొస్తుంది. గడ్డు రోజు నష్టాన్ని స్టాప్‌లాస్ ధర దగ్గర ఆగిపోతుందని లెక్కవేయడం తప్పు.

మూడు సమాధానాలు

ఇదే స్ట్రాంగిల్‌కు ఇప్పుడు పరిమితులు పెట్టి చూద్దాం. మార్జిన్‌కి వాడేది పెట్టుబడిలో సగం మించకూడదు. గడ్డు రోజున ఒక పొజిషన్ మీద నష్టం 5 శాతం, అంటే లక్ష రూపాయలు మించకూడదు. అన్ని పొజిషన్లూ కలిపి 10 శాతం, అంటే రూ.2 లక్షలు మించకూడదు. ఈ శాతాలు చట్టంలో ఉన్నవి కావు. ఎవరి తట్టుకునే శక్తిని బట్టి వారు పెట్టుకునేవి. కానీ ముందే కాగితం మీద ఉండాలి.

సగం పెట్టుబడితో మార్జిన్ లెక్క 5 లాట్లు ఇస్తుంది. గడ్డు రోజు లెక్కలో లక్షను 90,000తో భాగిస్తే వచ్చేది ఒక్క లాట్. అనుమతి ఉన్నది పదికి, తట్టుకోగలిగేది ఒక్కటే.

ఆ ఒక్క లాట్‌ను రెండో కొలతతోనూ చూడాలి. నిఫ్టీ 13 శాతం పడి 21,750కి వస్తే, ఒడుదొడుకుల అంచనా 60 శాతం అనుకుంటే, లాట్‌కు సుమారు 2,450 పాయింట్లు, అంటే రూ.1.84 లక్షలు పోతుంది. పెట్టుబడిలో 9 శాతానికి కాస్త ఎక్కువ. బాధే, కానీ ఖాతా మిగులుతుంది. అదే పది లాట్లయితే రూ.18.4 లక్షలు. మిగిలేదేమీ లేనట్టే.

ఒక్క లాట్‌తో వచ్చే రూ.4,500 చాలా తక్కువ అనిపిస్తుంది. నిజానికి ఈ లెక్క చెబుతున్నది అదే. రక్షణ లేకుండా ఆప్షన్లు అమ్మడానికి ఇరవై లక్షలు పెద్ద పెట్టుబడి కాదు.

నష్టానికి హద్దు కట్టిన పొజిషన్

అమ్మిన స్ట్రైక్‌లకు అవతల మరో రెండు ఆప్షన్లు కొంటే నష్టానికి హద్దు ఏర్పడుతుంది. 23,500 పుట్‌ను 18కి, 26,500 కాల్‌ను 6కి కొన్నారనుకుందాం. దీన్నే ఐరన్ కాండార్ అంటారు. వచ్చే నికర ప్రీమియం 36 పాయింట్లు, లాట్‌కు రూ.2,700. అమ్మిన స్ట్రైక్‌కూ కొన్న స్ట్రైక్‌కూ మధ్య దూరం 500. ఎక్స్‌పైరీలో నిఫ్టీ ఎక్కడున్నా నష్టం 500లోంచి 36 తీసేసిన 464 పాయింట్లకు, అంటే లాట్‌కు రూ.34,800కు మించదు. రెండు వైపులా ఒకేసారి పూర్తి నష్టం రాదు కాబట్టి ఒక వైపు లెక్క చాలు.

ఇప్పుడు లక్షలో రెండు లాట్లు పడతాయి. నష్టం రూ.69,600, ప్రీమియం రూ.5,400. మూడో లాట్ కలిపితే రూ.1,04,400 అవుతుంది, పరిమితి దాటుతుంది. ఒక్క స్ట్రాంగిల్ లాట్ కంటే ప్రీమియం ఎక్కువ, గడ్డు రోజు నష్టం తక్కువ. 8 శాతం పడినా, 13 శాతం పడినా ఆ హద్దు మారదు. కొన్న పుట్ కూడా పెరుగుతుంది కాబట్టి మార్జిన్ ఉన్నట్టుండి ఉబ్బదు కూడా.

దీనికీ ఒక ఖరీదుంది. ఒక పూర్తి నష్టాన్ని పూడ్చుకోవడానికి దాదాపు పదమూడు పూర్తి లాభాలు కావాలి. స్ట్రాంగిల్‌ను దెబ్బతీసే రోజు అరుదు. కాండార్‌కు పూర్తి నష్టం తేవడానికి అంత పెద్ద పతనం అక్కర్లేదు, గడువు ముగిసేనాటికి రెండు వారాల్లో ఆరు శాతం కదిలితే చాలు. అందుకే గరిష్ఠ నష్టాన్ని ‘ఎప్పుడో వచ్చేది’గా చూడకుండా, ‘ఏడాదిలో రావచ్చు’ అన్నట్టు లెక్కించాలి.

పొజిషన్ వేసేటప్పుడూ తీసేటప్పుడూ వరుస ముఖ్యం. ముందు కొనాల్సినవి కొని తర్వాత అమ్మాలి. బయటికి వచ్చేటప్పుడు ముందు అమ్మినవాటిని తిరిగి కొని, ఆ తర్వాతే రక్షణ ఆప్షన్లను వదలాలి. రక్షణ ముందే పోతే మిగిలిన పొజిషన్ ఒంటరి స్ట్రాంగిల్‌గా మారి మార్జిన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

చిన్న ఖాతాలకు ఈ లెక్క ఒక్కోసారి సున్నా చూపిస్తుంది. పెట్టుబడి రూ.3 లక్షలైతే 5 శాతం అంటే రూ.15,000. పై కాండార్ ఒక్క లాట్ కూడా అందులో పట్టదు. 200 పాయింట్ల దూరంతో వేస్తే గరిష్ఠ నష్టం రూ.15,000 లోపే ఉంటుంది కాబట్టి ఒక లాట్ పడుతుంది. అదీ కుదరకపోతే ఆ పెట్టుబడికి ఆ పొజిషన్ తగదు. పరిమితిని పెంచి ఒక లాట్ వేయడమంటే లెక్క వేయనట్టే.

అన్నీ కలిపి ఒక కప్పు కింద

ఒక్కో పొజిషన్ విడిగా సవ్యంగా కనిపించినా అన్నీ కలిస్తే ప్రమాదం కావచ్చు. నిఫ్టీలో ఒకటి, సెన్సెక్స్‌లో ఒకటి, బ్యాంక్ నిఫ్టీలో ఒకటి వేసి రిస్క్‌ను మూడు చోట్లకు పంచామనుకోవడం తరచూ కనిపించే పొరపాటు. ఈ మూడింటిలోనూ అవే పెద్ద బ్యాంకుల షేర్లున్నాయి. 2024 జనవరి 17న త్రైమాసిక ఫలితాల తర్వాత హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరు 8 శాతానికి పైగా పడింది. ఆ ఒక్క రోజే బ్యాంక్ నిఫ్టీ 4 శాతానికి పైగా, నిఫ్టీ సుమారు 2 శాతం పడ్డాయి. ఆ షేరు మీదా ఆ రెండు ఇండెక్స్‌ల మీదా పుట్‌లు అమ్మి ఉన్నవారికి పంచుకున్న రిస్క్ ఏమీ మిగలలేదు.

కాబట్టి మొత్తం లెక్కలో ఒకే వైపు నష్టపోయే పొజిషన్ల గడ్డు రోజు నష్టాలను నేరుగా కూడాలి. ఒకటి పడితే మరొకటి పెరుగుతుందన్న ఆశతో ఏదీ తగ్గించకూడదు. ఇరవై లక్షల ఖాతాలో నిఫ్టీ కాండార్ రెండు లాట్లు రూ.69,600. సెన్సెక్స్‌లో అలాంటిదే వేస్తే రూ.70,000 అనుకుందాం. మొత్తం రూ.1,39,600. పరిమితి రూ.2 లక్షల్లో మిగిలింది రూ.60,400. బ్యాంక్ నిఫ్టీలో గరిష్ఠ నష్టం రూ.50,000 ఉన్న పొజిషన్ ఒకటి పడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి అవకాశం కనిపించినా, మార్జిన్ ఎంత ఖాళీగా ఉన్నా, ఉన్నవాటిలో ఒకటి తీశాకే కొత్తది వేయాలి. అదే ఖాతాలో షేర్లు కూడా ఉంటే, మార్కెట్ 8 శాతం పడితే వాటిలో పోయేదెంతో పక్కన రాసుకోవాలి. తనఖాలో ఉన్నవి ఆ షేర్లే అయితే మరీ ముఖ్యం.

లెక్క ఎక్కడ సడలుతుంది

ఈ క్రమశిక్షణ ఎక్కువగా సడలేది ప్రశాంతమైన రోజుల్లో. విక్స్ 11, 12 దగ్గర ఉన్నప్పుడు ప్రీమియంలు చిక్కిపోతాయి. నెలకు ఇంత రావాలని ముందే అనుకున్నవారు ఆ మొత్తం కోసం లాట్లు పెంచుతారు, లేదా స్ట్రైక్‌లను దగ్గరికి తెస్తారు. ప్రీమియం సగమైతే లాట్లు రెట్టింపవుతాయి, గడ్డు రోజు నష్టం కూడా రెట్టింపవుతుంది. ఆదాయం నుంచి వెనక్కి లెక్కవేస్తే లాట్లు ఎప్పుడూ ఎక్కువే తేలతాయి. లెక్క నష్టం వైపు నుంచే మొదలు కావాలి. వచ్చే ప్రీమియం ఎంతైతే అంత.

పరిమితి దాటుతున్న సంగతి ముందే తెలుస్తుంది. మార్జిన్ వాడకం సగాన్ని దాటి పైకి పోతూ ఉండటం ఒక గుర్తు. ఎక్స్‌పైరీ రోజు అదనపు 2 శాతానికి చోటు లేకపోవడం ఇంకొకటి. నష్టపోతున్న వైపును ఇంకా దిగువ స్ట్రైక్‌కు జరుపుతూ, అదే ప్రీమియం రాబట్టడానికి లాట్లు పెంచడం అన్నిటికంటే పెద్ద గుర్తు. అలా జరిపిన ప్రతిసారీ అది కొత్త పొజిషనే. దాని గడ్డు రోజు నష్టాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కవేసి పరిమితిలో పడుతుందో లేదో చూడాలి.

పెట్టుబడి మారితే పరిమితులూ మారాలి. ఇరవై లక్షలు పద్దెనిమిదైతే 5 శాతం అంటే రూ.90,000, 10 శాతం అంటే రూ.1.8 లక్షలు. నష్టం తర్వాత లాట్లు తగ్గడం సహజం, అలా తగ్గాలి కూడా. లాభం వచ్చినప్పుడు పెంచడం మాత్రం నెలకోసారి, ముగిసిన లెక్కల మీద చేస్తే చాలు. బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, రిజర్వ్ బ్యాంక్ పరపతి విధాన ప్రకటన వంటి తేదీలు ముందే తెలిసినవి. ఆ రోజుల ముందు 8 శాతం కొలతను 10కి పెంచి లెక్క మళ్లీ వేయాలి. అప్పుడు పరిమితి దాటిన లాట్లను ముందురోజే, ధరలు సవ్యంగా ఉన్నప్పుడే తీసేయాలి.